కార్టన్ బరువు తగ్గించి ఆదా పంచుకోవాలంటే ముందు కేజీ రేటును పక్కన పెట్టాలి

ప్రశ్న: మాది విశాఖ ఆటోనగర్‌లో ఫ్లోర్ క్లీనర్ తయారుచేసే యూనిట్. లీటరు సీసాలు పన్నెండు పట్టే ఐదు ప్లై కార్టన్లు నెలకు 40,000 దాకా ఒకే సరఫరాదారు దగ్గర కొంటున్నాం. కార్టన్ తేలిక చేసి, వచ్చిన ఆదాను ఇద్దరం పంచుకుందామని ఆయనకు ప్రతిపాదించమని మా ఎం.డి. గారు అంటున్నారు. మాటవరసకు అడిగితే, "తేలిక పెట్టె కావాలంటే ఇస్తాను, కేజీ రేటు మాత్రం ఇదే" అన్నారు. ఇది ఆయన ఒప్పుకున్నట్టా, కాదన్నట్టా? ఎలా ముందుకు వెళ్లాలి?

సమాధానం:

ఆయన మర్యాదగా కాదన్నారు. ఎందుకు కాదన్నారో ఆయన లెక్కలో కూర్చుని చూస్తే తెలుస్తుంది. కొనుగోలు విభాగంలో ఉన్నవాళ్లం సాధారణంగా ఆ పని చేయం కనుక ముందు అదే చేద్దాం. ఈ సమాధానంలోని ధరలన్నీ ఉదాహరణ కోసం అనుకున్నవి. మీ అంకెలను వాటి స్థానంలో పెట్టుకుంటే లెక్క అలాగే నడుస్తుంది.

మీ కార్టన్ పొడవు 360, వెడల్పు 270, ఎత్తు 280 మిల్లీమీటర్లు అనుకుందాం. పెట్టెను విప్పి పరిస్తే సుమారు 0.73 చదరపు మీటర్ల అట్ట అవుతుంది. పైన చదరపు మీటరుకు 180 గ్రాములు తూగే, అంటే 180 జీఎస్ఎం క్రాఫ్ట్ కాగితం, మిగతా నాలుగు పొరలూ 150 జీఎస్ఎం అయితే, అలలుగా మడిచే రెండు ఫ్లూట్ పొరలకు కాగితం దాదాపు 1.4 రెట్లు పడుతుంది కాబట్టి, జిగురుతో కలిపి పెట్టె బరువు 680 గ్రాముల దగ్గర తేలుతుంది. క్రాఫ్ట్ కాగితం కేజీ 36 రూపాయలు, తరుగు 5 శాతం అనుకుంటే కాగితం ఖర్చు 25.70 రూపాయలు. జిగురు, కరెంటు, కూలి, ప్రింటింగ్ కలిపి 8 రూపాయలు. మొత్తం ఖర్చు 33.70. ఆయన మీకు 37 రూపాయలకు అమ్ముతున్నారంటే ఒక్కో పెట్టె మీద ఆయనకు మిగిలేది 3.30. ఇదే ధరను కేజీ లెక్కన చెబితే సుమారు 54.40 అవుతుంది.

ఇప్పుడు తేలిక పెట్టెను చూడండి. పైపొర 180, లోపలిపొర 150 జీఎస్ఎంలోనే ఉంచి వాటిని 18 బీఎఫ్ నుంచి అంతకంటే గట్టిదైన 22 బీఎఫ్ కాగితానికి మార్చి, మధ్య పొరనూ రెండు ఫ్లూట్లనూ 120 జీఎస్ఎంకు దించితే బరువు 590 గ్రాముల దగ్గరకు వస్తుంది. తరుగుతో సహా 94.5 గ్రాముల కాగితం మిగిలింది కనుక 3.40 రూపాయలు తగ్గుతుంది. మేలురకం కాగితానికి కేజీకి 3 రూపాయలు ఎక్కువ పెట్టాలి కనుక 75 పైసలు పెరుగుతుంది. అంటే ఆయనకు నిజంగా తగ్గిన ఖర్చు 2.65 మాత్రమే. కొత్త ఖర్చు 31.05. జిగురు, కూలి, కరెంటు పెట్టె తేలికైనంత మాత్రాన తగ్గవు.

అదే 54.40 కేజీ రేటుకు 590 గ్రాముల పెట్టె ఇస్తే ధర 32.10 అవుతుంది. మీకు 4.90 తగ్గుతుంది. ఆయన లాభం 3.30 నుంచి 1.05కు పడిపోతుంది. కేజీ రేటు మారదని ఆయన అన్నప్పుడు మీకు అది మొండితనంలా వినిపించి ఉండవచ్చు. కానీ ఆ రేటు మీద తేలిక పెట్టె చేసే ఉద్దేశం ఆయనకు నిజంగా ఉంటే తన లాభంలో మూడింట రెండు వంతులు వదులుకోవాలి. అలాంటి సరఫరాదారు మీ ముందు ఒప్పుకున్నా, తర్వాత ఆ లోటును చెప్పకుండానే పూడ్చుకుంటారు. 120 జీఎస్ఎం అని రాసి 100 జీఎస్ఎం కాగితం వాడటం ఈ వ్యాపారంలో కనీవినీ ఎరగనిదేమీ కాదు.

అందుకే మీ ప్రతిపాదనలో మొదటి వాక్యం ఇలా ఉండాలి: "ఈ పెట్టె మీద మీకు ఇప్పుడు రూపాయల్లో ఎంత మిగులుతోందో అందులో పైసా తగ్గదు. ధరను కేజీల్లో కాకుండా పెట్టెకు ఇంత అని కడదాం. కొత్తగా మిగిలినదాన్ని మాత్రమే పంచుకుందాం." ఆయన లాభం 3.30 అని మీరు చెప్పనక్కర్లేదు, ఆయన చేత చెప్పించనూ అక్కర్లేదు. మొదటి సమావేశంలోనే ఖర్చుల పట్టిక ఇవ్వమంటే ఎవరైనా తలుపులు మూసుకుంటారు. పాత, కొత్త పెట్టెల మధ్య కాగితం తేడా ఒక్కటి తేలితే మీ పని జరుగుతుంది, దాన్ని మీరే కొలవవచ్చు.

ఎలా కొలవాలంటే, ఒక పెట్టె నుంచి ముక్క కత్తిరించి నీళ్లలో నానబెడితే పొరలు విడిపోతాయి. వాటిని ఆరబెట్టి, ఫ్లూట్ పొరలను చేత్తో సాపు చేసి, ఒక్కో పొర నుంచి పది సెంటీమీటర్ల చతురస్రం కోసి సున్నితపు త్రాసు మీద తూచండి. గ్రాముల్లో వచ్చిన అంకెను వందతో హెచ్చిస్తే అదే జీఎస్ఎం. మీ కొనుగోలు ఆర్డరులో ఉన్నదీ త్రాసు చెప్పేదీ ఒకటి కాకపోతే, ఆదాను త్రాసు చెప్పే అంకె నుంచే లెక్కకట్టాలి. ఆర్డరులో 680 అని ఉండి వాస్తవంగా 640 గ్రాములే వస్తుంటే, మీరు పంచుకోబోయే 90 గ్రాములలో 40 గ్రాములను ఆయన ఇప్పటికే ఒంటరిగా అనుభవిస్తున్నట్టు. ఈ విషయం తేలినప్పుడు నిందలోకి దిగకుండా, "ఇకనుంచి ఈ బరువునే ప్రమాణంగా తీసుకుందాం" అని ముందుకు జరగడం మేలని నా అభిప్రాయం. పాత లెక్క తవ్వితే కొత్త లెక్క మొదలే కాదు.

తూకంలో మన ఊరి గాలిని కూడా గుర్తుపెట్టుకోవాలి. అట్టలో మామూలుగా ఏడెనిమిది శాతం తేమ ఉంటుంది, వర్షాకాలంలో అది పెరిగి పెట్టె బరువు తూగుతుంది. పాత పెట్టెను ఆగస్టులోనూ కొత్త పెట్టెను మార్చిలోనూ తూచి తేడా తీస్తే లేని ఆదా కనిపిస్తుంది. రెండింటినీ ఒకే గదిలో రెండు రోజులు ఉంచి, ఒకే రోజు, వేర్వేరు లాట్ల నుంచి ఇరవై చొప్పున తూచి సగటు తీయండి.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. తేలిక పెట్టె నిలుస్తుందా? బీఎఫ్ అనేది కాగితం పగలకుండా ఎంత ఒత్తిడి తట్టుకుంటుందో చెప్పే అంకె. గోడౌన్‌లో పెట్టె చచ్చేది పగిలి కాదు, పై బరువుకు నలిగి. కనుక మీరు ఆర్డరులో రాయాల్సినది పెట్టె నలిగే ముందు మోసే బరువు, అంటే కంప్రెషన్ బలం. మీ పెట్టె నిండితే 13 కేజీలు, ఏడు వరుసల ఎత్తు పేరుస్తారు అనుకుంటే అడుగు పెట్టె మీద ఆరు పెట్టెలు, 78 కేజీలు ఉంటాయి. ప్రయోగశాలలో 80 కేజీలు మోసిన పెట్టె సరిపోదా అంటే సరిపోదు. నెల రోజులు బరువు కింద ఉంటే అట్ట బలంలో సుమారు 40 శాతం పోతుంది. గాలిలో తేమ 80 శాతం ఉంటే మిగిలినదాంట్లో మరో 32 శాతం, 90 శాతం ఉంటే 52 శాతం పోతుంది. ఇవి ప్యాకేజింగ్ రంగంలో చాలాకాలంగా వాడుతున్న సుమారు లెక్కలు, శాసనాలు కావు. సీసాలు కూడా కొంత బరువు మోస్తాయి కానీ దాన్ని అదనపు భరోసాగా వదిలేయండి, లెక్కలో కలపకండి.

వీటన్నిటికంటే పెద్ద నష్టం పేర్చే పద్ధతిలో ఉంది. పెట్టె బలమంతా నాలుగు మూలల్లోనే ఉంటుంది. కట్ట జారిపోకుండా ఉంటుందని మన కళాసీలు ఒక వరుసను నిలువుగా, పై వరుసను అడ్డంగా, ఇటుకలు పేర్చినట్టు పేరుస్తారు. అప్పుడు పై పెట్టె మూల కింది పెట్టె నడుమ మీద పడి, బలంలో దాదాపు సగం పోతుంది. ఈ పద్ధతిలో 80 శాతం తేమకు మీ అడుగు పెట్టెకు కావలసిన బలం సుమారు 382 కేజీలు, 90 శాతం తేమకు సుమారు 540 కేజీలు. మీ ఇప్పటి బరువైన పెట్టె బలం 450 అనుకుంటే, ఆగస్టులో అడుగు వరుస ఎందుకు పొట్ట ఉబ్బుతోందో ఇక్కడే తెలిసిపోతుంది. మూల మీద మూల వచ్చేలా పేరిస్తే, కాస్త అటూ ఇటూ జరగడం వల్ల 15 శాతం నష్టం వేసుకున్నా, ఇవే అంకెలు 225, 318కి దిగుతాయి. అప్పుడు 380 కేజీలు మోసే తేలిక పెట్టె మన వర్షాకాలాన్ని కూడా తట్టుకుంటుంది.

ఈ ఆదా ఉమ్మడిది అని చెప్పగలిగేది ఇక్కడే. ఆయన కాగితం మారిస్తే చాలదు, మీరు పేర్చే తీరు మారాలి. 1200 × 1000 ప్యాలెట్ మీద నాలుగు, నాలుగు, మూడు చొప్పున ఒక వరుసకు 11 పెట్టెలు పడతాయి, అదే అమరికను తిప్పకుండా ఏడు వరుసలూ వేస్తే మూలలు కలుస్తాయి, స్థలం తగ్గదు. కట్ట కదలకుండా స్ట్రెచ్ ఫిల్మ్ చుట్టాలి. ప్యాలెట్‌కు 35 రూపాయల ఫిల్మ్ అనుకుంటే 77 పెట్టెలకు పంచితే పెట్టెకు 45 పైసలు. ఈ 45 పైసలు మీ జేబులోంచి పోయే ఖర్చు కాబట్టి పంచుకునే ముందే తీసేయాలి. 2.65లో 0.45 పోతే 2.20 మిగులుతుంది. నెలకు 88,000 రూపాయలు. పరీక్షలకు, ట్రయల్ లాట్‌కు ఎవరు పెట్టినా, 70,000 అయిందనుకుందాం, అది మొదటి నెల ఆదాలోంచే పెట్టినవారికి తిరిగి వెళ్లాలి.

మిగిలిన 2.20ని మొదటి ఏడాది చెరిసగం పంచండి. చెరో 1.10. అప్పుడు కొత్త ధర: ఖర్చు 31.05, పాత లాభం 3.30, ఆయన వాటా 1.10, మొత్తం 35.45. మీరు 37కు బదులు 35.45 కడతారు, తగ్గింది 1.55. అందులో ఫిల్మ్‌కు 0.45 పోగా మీకు 1.10 మిగిలింది. ఆయన లాభం 3.30 నుంచి 4.40కి పెరిగింది. రెండు వైపులా సమానంగా తేలిందా అని ఈ పద్ధతిలో ఎవరైనా రెండు నిమిషాల్లో సరిచూసుకోవచ్చు. ఎం.డి. గారికి చూపించేటప్పుడు "ధర 4 శాతం తగ్గింది" అనడంకంటే ఈ నాలుగు అంకెలూ పెట్టండి. ఎందుకంటే 4.90 రావాల్సిన చోట 1.55 తెచ్చారేమని ఆయన తప్పకుండా అడుగుతారు.

రెండో ఏడాది సరఫరాదారు వాటాను 30 శాతానికి దించుకోవడం సబబే, ఎందుకంటే అప్పటికి కొత్త పెట్టె మామూలు పెట్టె అయిపోతుంది, బయట ఎవరైనా అదే ధర చెబుతారు. కానీ ఈ దిగింపు మొదటి రోజు కాగితం మీదే ఉండాలి. ఏడాది తర్వాత బేరంగా తెస్తే, వచ్చే ఆలోచనను ఆయన మీకు చెప్పకుండా మరో కొనుగోలుదారుకు అమ్ముకుంటారు. అలాగే ఆ ఏడాది పొడవునా మీ అవసరంలో ఇంత శాతం ఆయన దగ్గరే కొంటామని రాసివ్వండి. ట్రయల్ అంతా ఆయనతో చేయించి, తేలిన కొలతలు పట్టుకుని పక్క ఫ్యాక్టరీలో కొటేషన్ అడిగే కొనుగోలుదారులు ఉన్నారని మీ సరఫరాదారుకు బాగా తెలుసు.

క్రాఫ్ట్ ధర తరచూ కదులుతుంది. అది పెరిగిన నెలలో ఆదా ఏదీ కనబడదు, తగ్గిన నెలలో లేని ఆదా కనబడుతుంది. కనుక రెండు కదలికలనూ విడదీయండి. మొదటిది: కాగితం కేజీకి రూపాయి మారితే కొత్త పెట్టె ధర 62 పైసలు మారుతుంది, ఇది ఇద్దరిలో ఎవరి ఘనతా కాదు, తప్పూ కాదు. రెండోది: ఆదా అయిన 94.5 గ్రాములు. ఒప్పందంలో ఈ గ్రాములనే స్థిరంగా రాసుకుని, మూడు నెలలకోసారి అప్పటి కాగితం రేటుతో రూపాయల్లోకి మార్చండి. కాగితం 40 అయితే అదే ఆదా 3.40కి బదులు 3.78 అవుతుంది, వాటాలూ దాన్నిబట్టే మారతాయి. ఏ మిల్లు, ఏ తేదీ బిల్లు రేటు తీసుకోవాలో పేరు పెట్టి రాయకపోతే మొదటి తగాదా అక్కడే వస్తుంది. లెక్కలన్నీ జీఎస్టీ కలపకుండా వేసుకోండి.

ఆయనను కదిలించడానికి త్వరగా చెల్లిస్తామని కూడా చెప్పవచ్చు. కానీ 45 రోజుల్లో చెల్లిస్తామన్న మాటను మాత్రం రాయితీగా చూపకండి. ఆయన నమోదైన సూక్ష్మ లేదా చిన్న పరిశ్రమ అయితే, 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం ఒప్పందంలో ఎన్ని రోజులు రాసుకున్నా 45 దాటకూడదు. 20 రోజులు అనగలిగితే అది నిజమైన బేరం.

ఆయన వైపు మరో ఇబ్బంది ఉంటుంది, అది ఆయన చెప్పకపోవచ్చు. గోడౌన్‌లో 150 జీఎస్ఎం రీళ్లు నిల్వ ఉంటాయి, మిల్లు 120 జీఎస్ఎంను కొద్దిగా ఇమ్మంటే ఇవ్వదు. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి మార్చాలని పట్టుబట్టకుండా, ఉన్న రీళ్లు అయ్యాక మొదలుపెడదామంటే ఆయనకు పెద్ద ఊరట, మీకు ఖర్చు లేదు.

ఇప్పుడు ఒప్పందంలో అందరూ దాటవేసే భాగం, పెట్టె విఫలమైతే ఏమిటన్నది. సీసా 60 రూపాయలైతే పెట్టె సరుకు 720. ఒక్కో పెట్టె మీద మీ ఇద్దరి ఆదా కలిపి 2.20. అంటే సుమారు 327 పెట్టెల్లో ఒకటి అదనంగా పాడైతే చాలు, ఆదా మొత్తం హరించుకుపోతుంది. అందుకని ఇప్పుడు నెలకు ఎన్ని పెట్టెలు పాడవుతున్నాయో, ఎక్కడ పాడవుతున్నాయో గత ఏడాది డీలర్ల క్లెయిములనుంచి ముందే తీసిపెట్టుకోండి. ఆ అంకె లేకుండా తర్వాత జరిగే వాదనకు అంతుండదు. నష్టం పెరిగితే ముందు ఉమ్మడి ఆదాలోంచి కోయాలి. ఆపైన, ఆ లాట్ నుంచి దాచిన నమూనా 380 కేజీల కంటే ముందే నలిగితే భారం ఆయనది, నలగకపోతే మీ గోడౌన్‌దో లారీదో, అంటే మీది. ప్రతి లాట్ నుంచి ఐదు పెట్టెలు పొడిగా దాచడం దీనికోసమే. పరీక్ష యంత్రం ఆయన దగ్గర లేకపోతే హైదరాబాద్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్యాకేజింగ్ లాంటి చోటికి పంపవచ్చు. నివేదికలో పెట్టెను ఏ తేమలో ఉంచి పరీక్షించారో తప్పక చూడండి. 50 శాతం తేమలో వచ్చిన అంకెకే పైన చెప్పిన తగ్గింపులు వర్తిస్తాయి. తడిగదిలో ఉంచి తీసిన అంకెకు మళ్లీ తేమ తగ్గింపు వేస్తే పెట్టెను అనవసరంగా బరువెక్కిస్తారు.

ట్రయల్‌ను ఫిబ్రవరిలో పూర్తిచేసి విజయం ప్రకటించకండి. ఎండాకాలపు ట్రయల్‌లో ఏ పెట్టె అయినా గెలుస్తుంది. జులై నుంచి సెప్టెంబరు మధ్యలో, మీ గోడౌన్‌లో గాలి ఆడని మూలలో రెండు ప్యాలెట్లు ముప్పై రోజులు ఉంచి, అడుగు వరుస పెట్టెల ఎత్తును మొదటిరోజూ చివరిరోజూ కొలవండి. ఎత్తు కొద్దిగా తగ్గడం మామూలే. పక్కల ఉబ్బు, మూలల దగ్గర ఏటవాలు మడత కనిపిస్తే పెట్టె లొంగుతున్నట్టు, వరుస ఒకటి తగ్గించాలి లేదా ఫ్లూట్ కాగితం ఒక మెట్టు పెంచాలి. ఆరు వరుసలు చేస్తే అడుగు పెట్టెకు కావలసిన బలం 318 నుంచి 265కు దిగుతుంది కనుక, వర్షాకాలం మూడు నెలలకు మాత్రం ఆ ఏర్పాటు చేసుకోవడం కూడా ఒక మార్గమే. ఇంకో లోడును పాడేరు, అరకు వైపు పంపండి. ఘాట్ రోడ్డు కుదుపుల్లో, ఫిల్మ్ తీసేసి విడిగా లోడ్ చేసిన పెట్టెలు ఎలా చేరాయో డీలరు ఫోటోలు అడగండి. శ్రీకాకుళం హైవే మీద బాగున్నంత మాత్రాన అక్కడా బాగుంటాయని అనుకోవద్దు.

ఈ ట్రయల్ ముగిసేదాకా మీ కొనుగోలులో నాలుగో వంతుకు మించి కొత్త పెట్టెకు మార్చకండి. ఆ నాలుగో వంతు మీద కూడా ఆయన వాటా మొదటి బిల్లు నుంచే ఇవ్వండి. 10,000 పెట్టెల మీద అది 11,000 రూపాయలు. ట్రయల్ ఖర్చు తిరిగి రాబట్టుకోవడం పూర్తి సరఫరా మొదలయ్యాక చేసుకోవచ్చు. ఆదా పంచుకుంటామన్న మాట ఆయన బ్యాంకు ఖాతాలో కనిపించాక, సైజు తగ్గించడం గురించో ప్రింటింగ్ రంగు ఒకటి తీసేయడం గురించో ఆయనే మీకు ఫోన్ చేసే అవకాశం ఉంది.